నిద్రపుచ్చే బొమ్మల కథకు స్క్రిప్టు రాసిన ఏడు నెలలు: నా అనుభవం

జూన్ మొదటి వారంలో ఈ పని ఒప్పుకున్నాను. చివరి ఫైలు చేతికొచ్చేసరికి డిసెంబర్ సగం అయిపోయింది. పని చిన్నదే. ఏడు నిమిషాల యానిమేషన్ కథ, మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు పడుకునే ముందు చూడటానికి. ఒక కథకురాలి గొంతు, మూడు పాత్రలు, అక్కడక్కడా మెత్తని శబ్దాలు. పిల్లల కథలు రాయడం నాకు కొత్త కాదు. కానీ చూస్తూ చూస్తూ పిల్లలు నిద్రపోవాలి అనేది వేరే లెక్క. మామూలు కథలో పిల్లలు చివరిదాకా చూస్తే మనం గెలిచినట్టు. ఇక్కడ చివరి రెండు నిమిషాలు ఎవరూ చూడకపోతే గెలిచినట్టు. మొదలుపెట్టే ముందు ఇలాంటి స్క్రిప్టు రాసినవాళ్ల అనుభవం ఎక్కడైనా దొరుకుతుందేమోనని చాలా వెతికాను, దొరకలేదు. ఇప్పుడు మొదలుపెట్టబోయేవాళ్లకు పనికొస్తుందని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

కథ ఇది. చిన్ని అనే మిణుగురు పిల్ల. అడవి అంతా పడుకుంటోంది, చిన్ని దీపం మాత్రం ఆరడం లేదు. దీపం ఆరితే గానీ నిద్ర రాదని దాని బెంగ. కప్ప మామ దగ్గరికి వెళ్తుంది, తాబేలు తాత దగ్గరికి వెళ్తుంది. దీపాన్ని ఆర్పక్కర్లేదని, మెల్లగా ఊపిరి తీసుకుంటే వెలుగు దానంతట అదే మందగిస్తుందని తాత చెబుతాడు. ఇంతే కథ. డైరెక్టర్‌కు నచ్చడానికి కారణం ఆ ఊపిరి. వెలుగు పెరగడం తగ్గడం ఊపిరితో కలిసి నడిస్తే, చూసే పిల్లలు తెలియకుండానే అదే లయలో ఊపిరి తీసుకుంటారని ఆమె ఆశ. మిణుగురు కదా అని మిలమిలా మెరిపించకూడదని మొదటి మీటింగ్‌లోనే చెప్పారు. సెకనుకు మూడుసార్ల కంటే ఎక్కువ మెరిసే వెలుగు కొందరికి మూర్ఛ తెప్పించే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఏ వీడియోకైనా అది హద్దు. మా కథలో అయితే ఆ హద్దు దగ్గరికి కూడా పోలేదు. ఒకసారి వెలిగి ఆరడానికి మొదట్లో నాలుగు సెకన్లు, చివరికి ఎనిమిది సెకన్లు అని స్క్రిప్టులోనే రాశాను.

స్టూడియో వాళ్లు పంపిన స్క్రిప్టు ఫార్మాట్‌లో నాలుగు గడులు ఉన్నాయి. వరుస సంఖ్య, బొమ్మ, మాట, శబ్దం. ప్రతి మాటకూ ఒక సంఖ్య ఉంటుంది. రికార్డింగ్‌లో "పద్నాలుగు మళ్లీ చెప్పండి" అంటే అందరూ అదే చోటికి రావాలి కాబట్టి ఆ సంఖ్యలు మధ్యలో మారకూడదు. కొత్త మాట చేరిస్తే 14అ అని పెట్టాలి. ఇది విన్నప్పుడు చిన్న విషయంలా అనిపించింది గానీ, సెప్టెంబర్‌లో స్టూడియోలో కూర్చున్నప్పుడు దీని విలువ తెలిసింది. శబ్దం గడిలో మాత్రం అందరూ రాసేది ఒక్క ముక్కే: "కప్ప అరుపు", "గాలి", "ఆకు రాలిన చప్పుడు". నా మొదటి డ్రాఫ్టూ అలాగే వెళ్లింది. జూన్ ఆఖరికి పంపాను, వారం రోజుల్లో ఓకే వచ్చింది.

తర్వాతి మెట్టు యానిమాటిక్. అంటే అసలు యానిమేషన్ మొదలుకాకముందే, గీసిన స్టోరీబోర్డు బొమ్మలను వరుసగా పేర్చి, తాత్కాలిక గొంతుతో, తాత్కాలిక శబ్దాలతో నిజమైన నిడివికి సరిపోయేలా చేసిన వీడియో. ఆ తాత్కాలిక గొంతు నాదే. ఫోన్‌లో రికార్డు చేసి పంపాను. యానిమాటిక్ కోసం మూడు వారాలకు పైగా ఎదురుచూశాను. ఆ రోజుల్లో రాయడానికి ఏమీ ఉండదు, ఫోన్ చేసి అడగడానికీ మొహమాటం. ఈ ఖాళీ ఉంటుందని ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది, అందుకే చెబుతున్నాను.

జులై చివర్లో యానిమాటిక్ వచ్చాక, చిన్నపిల్లలున్న కొన్ని ఇళ్లకు పంపారు. రాత్రి పడుకునే ముందు పెట్టి, పిల్లలు ఎక్కడ లేచి కూర్చున్నారో, ఎక్కడ మాట్లాడారో, ఎక్కడ కళ్లు మూశారో వీడియో సమయంతో సహా రాయమని తల్లిదండ్రులను అడిగారు. ఆ కాగితాలు నా చేతికొచ్చిన రోజే ఈ పని నాకు నిజంగా మొదలైందని చెప్పాలి.

దాదాపు అన్ని కాగితాల్లోనూ ఒకే చోట గీత ఉంది. పిల్ల లేచి కూర్చుంది, బాబు గుమ్మం వైపు చూశాడు, అమ్మను పట్టుకుంది. ఆ చోట స్క్రిప్టులో ఉన్నది ఇది:

శబ్దం: నీళ్లలో ఏదో దూకిన చప్పుడు.
చిన్ని (ఉలిక్కిపడి): ఎవరది?
కథకురాలు: గట్టు మీద కప్ప మామ నవ్వుతూ నిలబడ్డాడు.

మామూలు కార్టూన్‌లో ఇదే పద్ధతి. ముందు చప్పుడు, తర్వాత ఆశ్చర్యం, ఆ తర్వాత అదేమిటో చూపించడం. పిల్లలను తెర ముందు కట్టిపడేసేది ఆ మధ్యలో ఉన్న ఒకటి రెండు సెకన్ల "ఏమిటది?". పడుకోబోయే పిల్లకు ఆ రెండు సెకన్లే చాలు, మళ్లీ పూర్తిగా మేలుకోవడానికి. గదిలో దీపాలు ఆర్పి ఉంటాయి. చప్పుడు తెరలోంచి వచ్చిందో ఇంట్లోంచి వచ్చిందో ఆ వయసు పిల్లకు వెంటనే తెలియదు. అందుకే గుమ్మం వైపు చూసింది.

రెండో డ్రాఫ్టులో ఈ వరుసను తిప్పేశాను. ముందు కథకురాలు పేరు పెట్టి చెబుతుంది, తర్వాత బొమ్మ కదులుతుంది, అన్నింటికంటే చివర శబ్దం వస్తుంది. అప్పటికి ఆ శబ్దం పిల్లకు తెలిసిన శబ్దమే అవుతుంది.

కథకురాలు: గట్టు మీద కప్ప మామ కూర్చున్నాడు. నీళ్లలోకి దిగుతున్నాడు. మెల్లగా... మెల్లగా... దిగాడు.
(ఒక సెకను ఆగాలి)
శబ్దం: నీళ్లు కదిలిన మెత్తని చప్పుడు. ఒక్కసారిగా మొదలుకాకూడదు, సున్నా నుంచి పెరగాలి. కథకురాలి గొంతు కంటే తక్కువలోనే ఉండి, మూడు సెకన్లలో కరిగిపోవాలి.
చిన్ని (దగ్గరికి వచ్చి, నెమ్మదిగా): కప్ప మామా, నా దీపం ఇంకా ఆరలేదు.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అది ఇక్కడ బాగా కలిసొచ్చింది. "దిగాడు" అనే మాట పూర్తయ్యాక గానీ పని పూర్తికాదు, ఆ తర్వాతే శబ్దం. సౌండ్ ఇంజినీర్‌కు కూడా ఎక్కడ పెట్టాలో అనుమానం ఉండదు. శబ్దం క్రియకంటే ముందు పడితే తప్పు, వెనక పడితే ఒప్పు. అంత తేలిక.

రెండోది, శబ్దానికి పేరు రాస్తే సరిపోదు, అది ఎలా మొదలై ఎలా ముగుస్తుందో రాయాలి. ఇది నాకు సౌండ్ ఇంజినీర్ నేర్పాడు. యానిమాటిక్‌లో వాడిన ఆకు చప్పుడును కంప్యూటర్‌లో గీతగా చూపించాడు. మొదట్లోనే నిటారుగా ఒక ముల్లు, ఆ తర్వాత పల్లం. "మేడమ్, పిల్లలను లేపేది ఈ ముల్లే. సౌండ్ ఎంత చిన్నగా పెట్టినా ఇది గుచ్చుకుంటుంది" అన్నాడు. తలుపు తట్టడం, కొమ్మ విరగడం, చప్పట్లు, గంట, ఇవన్నీ ముల్లుతో మొదలయ్యే శబ్దాలు. గాలి, వాన, దూరపు కీచురాళ్లు, దుప్పటి జరిగిన చప్పుడు, ఊపిరి, ఇవి ముల్లు లేనివి. స్క్రిప్టు రాసేటప్పుడే రెండో రకాన్ని ఎంచుకుంటే మిక్సింగ్‌లో తలనొప్పి ఉండదు. కొమ్మ మీద వాలడం అని రాస్తే టక్కుమనే శబ్దం పెట్టాల్సి వస్తుంది. ఆకు మీద వాలడం అని రాస్తే ఏ శబ్దమూ అక్కర్లేదు. నేను చిన్నిని కొమ్మ నుంచి ఆకు మీదికి మార్చాను. కథకు పోయిందేమీ లేదు.

తల్లిదండ్రుల కాగితాల్లో నేను అస్సలు ఊహించనిది ఇంకొకటి ఉంది. తాబేలు తాత దగ్గర రాతి మీద నుంచి నీటి చుక్కలు రాలుతుంటాయి. వినడానికి చాలా హాయిగా ఉండే శబ్దం అది. ఒకటికి రెండు ఇళ్లలో పిల్లలు సరిగ్గా అక్కడే బాత్రూమ్‌కు వెళ్లాలన్నారు. అప్పటిదాకా పడుకోబెట్టిందంతా అక్కడితో పోయింది. కారే నీటి శబ్దం తీసేశాం. దాని బదులు, మొదటి నుంచి చివరిదాకా ఒకే మట్టంలో ఉండే సన్నని గాలి పెట్టాం.

ప్రశ్నలు కూడా తీసేయాల్సి వచ్చింది. పిల్లల కార్యక్రమాల్లో కథ చెప్పేవాళ్లు పిల్లలను అడుగుతూ ఉంటారు కదా. "చిన్ని ఎక్కడికి వెళ్తోందో మీకు తెలుసా?" అని నేనూ రాశాను. ఆ వయసు పిల్లలు ప్రశ్న వింటే ఊరుకోరు, జవాబు చెబుతారు, గట్టిగా చెబుతారు, అవునా కాదా అని అమ్మను కూడా అడుగుతారు. పాత్ర ఇంకో పాత్రను అడిగినా జవాబు వీళ్లే చెప్పారు. అందుకని ప్రశ్నలన్నీ మొదటి రెండు నిమిషాల్లోకి తెచ్చేశాను. ఆ తర్వాత కథలో ప్రశ్నార్థకం గుర్తు లేదు. "తాతా, నిద్ర ఎలా వస్తుంది?" అనేది "తాతా, నాకు నిద్ర రావడం లేదు" అయింది.

ఆగస్టు నెల అంతా ఈ మార్పులతో పాటు మౌనం గురించిన వాదనతో గడిచింది. మామూలు వేగంతో కథ చదివితే నాకు నిమిషానికి వంద మాటల దాకా వస్తాయి. ఆ లెక్కన మొదటి డ్రాఫ్టులో ఏడు వందల మాటలు ఉన్నాయి. నిద్రపుచ్చే గొంతుతో మళ్లీ చదివి చూసుకుంటే మొదటి నిమిషంలో ఎనభై, చివరి నిమిషాల్లో నలభై యాభై కూడా దాటడం లేదు. మధ్యలో ఆగడాలు వేరు. నాలుగు వందల లోపుకు తగ్గించాను. తగ్గించడం నాకు కష్టంగానే అనిపించింది. నేను ఇష్టపడి రాసిన వెన్నెల వర్ణన మొత్తం పోయింది, ఎందుకంటే వెన్నెల బొమ్మలో కనిపిస్తూనే ఉంది.

అసలు గొడవ ఆగడాల దగ్గర వచ్చింది. నేను నాలుగు సెకన్లు, ఐదు సెకన్లు ఆగాలని చాలా చోట్ల రాశాను. ప్రొడ్యూసర్ అడ్డుచెప్పారు. యానిమేషన్ ఖర్చు సెకన్ల లెక్కన ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు గీయాలి. నాలుగు సెకన్ల మౌనం అంటే 48 బొమ్మలు. "ఎవరూ మాట్లాడని చోట ఇంత డబ్బా" అన్నారాయన. ఆయన బాధ ఆయనది. నాకు మాత్రం ఆ మౌనాలు లేకపోతే ఇది నిద్రపుచ్చే కథే కాదనిపించింది, నిజంగా బెంగపడ్డాను. రెండు మూడు రాత్రులు నాకే నిద్ర పట్టలేదు.

దారి చూపించింది డైరెక్టరే. ఆగిన ప్రతిచోటా పాత్ర కదలకుండా కూర్చుని, దాని వెలుగు ఒక్కటే పెరిగి తగ్గితే, కొత్తగా గీయాల్సింది ఏమీ ఉండదు. ఒక బొమ్మ, దాని మీద వెలుగు పొర. కంప్యూటర్‌లో ఆ పొర ఎంత నెమ్మదిగానైనా మారుతుంది, ఖర్చు పెరగదు. అప్పటి నుంచి స్క్రిప్టులో "ఆగాలి" అని ఊరికే రాయడం మానేసి, "బొమ్మ నిలిచి ఉంటుంది, వెలుగు ఒకసారి పెరిగి తగ్గుతుంది, అంతసేపు మాట లేదు" అని రాశాను. అదే మౌనం, కానీ ప్రొడ్యూసర్ దానికి సంతకం పెట్టారు. బొమ్మల కథకు స్క్రిప్టు రాసేవాళ్లు తాము రాసే వాక్యంలో ఎంత గీత ఉందో తెలుసుకోవడం చాలా అవసరం. "అడవిలో జంతువులన్నీ ఒక్కొక్కటే పడుకున్నాయి" అనే ఒక్క వాక్యం రాయడానికి నాకు పది సెకన్లు పట్టింది. గీసేవాళ్లకు అది కొన్ని రోజుల పని. చివరికి ఆ వాక్యం ఉంది గానీ, బొమ్మలో కనిపించేది మెల్లగా చీకటి పడుతున్న అడవి మాత్రమే.

సెప్టెంబర్ రెండో వారంలో గొంతుల రికార్డింగ్. పెదవుల కదలిక మాటకు సరిపోవాలి కాబట్టి యానిమేషన్ కంటే ముందే అసలు గొంతులు రికార్డు చేస్తారు. అంటే ఆ రోజు తర్వాత మాట మార్చడం ఖరీదైన వ్యవహారం. వాయిస్ ఆర్టిస్టులకు నిమిషాల లెక్కన కాదు, సెషన్ లెక్కన ఇస్తారు. ఒక్క మాట మళ్లీ చెప్పించాలన్నా ఇంకో సెషన్ డబ్బు కట్టాలి. ఈ సంగతి నాకు ముందురోజు తెలిసింది. ఆ రాత్రి స్క్రిప్టును పైకి చదువుతూ కూర్చున్నాను, మాట తడబడిన ప్రతిచోటా సరిచేశాను.

కథకురాలిగా వచ్చిన ఆవిడ చాలా అనుభవం ఉన్న మనిషి. స్క్రిప్టు చూడగానే "అమ్మా, 'పచ్చి పుల్లల పక్కన పువ్వు' అని ఎందుకు రాశారు, మైకు దగ్గర ఇన్ని 'ప'లు చెబితే పేలుతుంది" అన్నారు. మైకుకు దగ్గరగా, తగ్గు గొంతుతో మాట్లాడుతున్నప్పుడు ప, బ, ఫ అనగానే వచ్చే గాలి మైకును కొడుతుంది. ముందు గుడ్డ తెర పెట్టినా కొంత దాటుతుంది. వరుసగా స, ష, శ వచ్చినా ఇబ్బందే, ఫోన్ స్పీకర్‌లో బుసబుసలా వినిపిస్తాయి. అక్కడికక్కడే ఆ వాక్యం "గడ్డి నడుమ ఒక పువ్వు" అయింది. ఆవిడకు బాగా నచ్చింది మాత్రం మన మాటలన్నీ దాదాపు అచ్చుతో ముగియడం. "నిద్రపోయిందీ..." అని చివరి అచ్చును సాగదీసి, సాగదీస్తూనే గొంతు దించేయొచ్చు. నేను కొన్ని వాక్యాలను పొల్లుతో వచ్చే ఇంగ్లిష్ మాటలతో ముగించాను. వాటిని కూడా మార్పించారు.

నేను చివరి పేజీలో "గుసగుసగా" అని రాశాను. ఆవిడ గుసగుసగా చెప్పి, అదే వాక్యాన్ని తగ్గించిన మామూలు గొంతుతో చెప్పి, రెండూ ఫోన్‌లో వినిపించమన్నారు. తేడా చెవికి వెంటనే తెలిసింది. గుసగుసలో గొంతు పలకదు, గాలే ఉంటుంది. చిన్న స్పీకర్‌లో అది అర్థం కాదు, సౌండ్ పెంచితే గాలి చప్పుడే పెరుగుతుంది. పైగా ఎవరో గుసగుసలాడితే పిల్లలు చెవులు రిక్కిస్తారు. "గుసగుసగా" అన్న చోటల్లా కొట్టేసి "పక్కనే పడుకున్నవాళ్లతో మాట్లాడినట్టు" అని రాశాను. గొంతుకు సూచన ఇచ్చేటప్పుడు ఎవరితో ఎంత దూరం నుంచి మాట్లాడుతున్నారో చెబితే ఆర్టిస్టుకు పని తేలికవుతుందని ఆవిడే చెప్పారు. "ప్రేమగా", "మృదువుగా" లాంటివి ప్రతి లైనుకూ ఉంటే వాటికి అర్థం ఉండదట.

చిన్ని గొంతు పెద్దవాళ్లే చెప్పారు. నిజంగా పసిపిల్లతో చెప్పించాలని నాకు కోరికగా ఉండేది గానీ, ఐదేళ్ల పిల్ల స్క్రిప్టు చదవలేదు, ఒక్కో ముక్క చెప్పించి అతికించాలి, సెషన్లు పెరిగిపోతాయి. చిన్ని గొంతు చెప్పిన అమ్మాయి మొదట కీచుగా, హుషారుగా మొదలుపెట్టింది. కార్టూన్‌లలో అలవాటైన గొంతు అది. డైరెక్టర్ ఆపి, కథ నడిచేకొద్దీ హుషారు తగ్గాలి కాబట్టి చివరి సీనును ముందు రికార్డు చేద్దామన్నారు. నిద్రమత్తు గొంతు ముందు కుదిరాక, అక్కడి నుంచి వెనక్కి వస్తూ కొంచెం కొంచెం చురుకుదనం చేర్చారు. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. ముందు నుంచి చేసుకుంటూ వస్తే ఎవరూ అంత కిందికి దిగలేరు.

తాబేలు తాత గొంతుతో వేరే చిక్కు. ఆయన చాలా బొంగురు గొంతుతో, కడుపులోంచి మాట్లాడారు. స్టూడియో స్పీకర్లలో ఒళ్లు పులకరించింది. ఫోన్‌లో పెడితే సగం మాటలు మాయం, చిన్న స్పీకర్లు ఆ కింది స్థాయిని పలికించలేవు. పిల్లలు ఎక్కువగా చూసేది ఫోన్‌లో, ట్యాబ్‌లో. ఆయన కొంచెం పైకొచ్చి, వేగం మాత్రం బాగా తగ్గించారు. ముసలితనం వేగంలో తెలిసింది.

రికార్డింగ్ ముగిశాక అందరినీ బయటికి పంపి, ఖాళీ గదిని ఒక నిమిషం రికార్డు చేశారు. ఎందుకని అడిగితే, మాటల మధ్య మౌనాల్లో పెట్టడానికన్నారు. రికార్డింగ్‌ను కత్తిరించి అక్కడ ఏమీ లేకుండా వదిలేస్తే, ఆ శూన్యం చెవికి తెలుస్తుందట, స్పీకర్ ఆగిపోయినట్టు ఉంటుందట. నేను అన్ని వారాలు వాదించి తెచ్చుకున్న మౌనాలన్నిటి కిందా ఇప్పుడు ఆ గది ఉంది.

ఆ తర్వాత అక్టోబర్ అంతా, నవంబర్‌లో చాలా భాగం నాకు పని లేదు. బొమ్మలు గీస్తున్నారు. ఒప్పందం ప్రకారం సగం డబ్బు సంతకం రోజే వచ్చింది, మిగతా సగం బొమ్మ పూర్తిగా ఖరారయ్యాక. రాసేవాళ్ల పని ఆగస్టుకే అయిపోయినా డబ్బు బొమ్మతో కట్టేసి ఉంటుంది. ఈ షరతు సంతకం పెట్టేటప్పుడే మాట్లాడుకోవాలి. రికార్డింగ్ పూర్తయ్యాక ఒక వాయిదా అడిగితే ఇస్తారని తర్వాత తోటి రచయితలు చెప్పారు.

నవంబర్ చివర్లో మిక్సింగ్. రచయితను సాధారణంగా పిలవరు, నేను అడిగి వెళ్లాను. అక్కడ సౌండ్ ఇంజినీర్ చెప్పిన మాట స్క్రిప్టు రాసేవాళ్లందరికీ పనికొస్తుంది. అమ్మో నాన్నో కథ పెట్టగానే, మొదటి వాక్యం విని వాల్యూమ్ సర్దుకుని ఫోన్ పక్కన పెడతారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోరు. కాబట్టి మొదటి వాక్యమే మొత్తం కథకు హద్దు. దానికంటే గట్టిగా తర్వాత ఏది వినిపించినా తప్పే. మా కథ మొదటి వాక్యం "రాత్రి అయింది" అని చాలా తగ్గు స్థాయిలో ఉంది. అది విన్నవాళ్లు సౌండ్ పెంచుకుంటారు, తర్వాత కప్ప మామ మాట్లాడగానే గట్టిగా వినిపిస్తుంది. అందుకని మొదటి వాక్యాన్ని కాస్త హుషారుగా చెప్పిన టేక్ వెతికి పెట్టారు. అదృష్టం కొద్దీ అలాంటిది ఉంది, ఇంకో సెషన్ అక్కర్లేకపోయింది.

కథ అయిపోయాక ఏం జరుగుతుందన్నది కూడా అక్కడే తేలింది. పేర్లు చివర వేస్తే, చీకటి బొమ్మ తర్వాత తెల్లని అక్షరాలు, కొత్త సంగీతం వస్తాయి. అప్పుడే కళ్లు మూసిన పిల్ల ముఖం మీద వెలుగు పడుతుంది. పేర్లన్నీ మొదట్లోకి తెచ్చేశారు. చివర నల్లని తెర మీద గాలి శబ్దం ఒక్కటే నిమిషానికి పైగా కొనసాగి, ఎప్పుడు ఆగిందో తెలియనంత నెమ్మదిగా పోతుంది. కొన్ని చోట్ల ఒక వీడియో అవగానే ఇంకో వీడియో దానంతట అదే మొదలవుతుంది. అది మా చేతిలో లేదు గానీ, ఆ నిమిషం ఉంటే పెద్దవాళ్లు వచ్చి ఆపడానికి సమయం దొరుకుతుంది.

డిసెంబర్ మొదట్లో పూర్తయిన వీడియోను మళ్లీ అవే ఇళ్లకు పంపారు. ఈసారి కాగితాల్లో చాలావరకు నాలుగో నిమిషం తర్వాత రాత లేదు. ఒకరింట్లో పిల్ల చివరిదాకా మేలుకుని, ఇంకోసారి పెట్టమని అడిగిందట. ఆ కాగితం కూడా దాచుకున్నాను.

అన్నీ అయిపోయాయనుకున్నాక, ఫోన్‌ను బోర్లా పెట్టి వినిపిస్తున్నామని ఇద్దరు ముగ్గురు తల్లులు రాశారు, వెలుగు వద్దని. అంటే బొమ్మ లేకుండా వినేవాళ్లూ ఉన్నారు. వట్టి ఆడియో కూడా ఇద్దామని స్టూడియో నిర్ణయించింది. కళ్లు మూసుకుని విన్నాను. రెండు చోట్ల కథ తెగింది. చిన్ని తాబేలు తాత దగ్గరికి చేరడం బొమ్మలో ఉంది, మాటలో లేదు. దీపం మందగించడం కూడా అంతే. ఆ రెండు వాక్యాల కోసం కథకురాలిని మళ్లీ పిలిచారు, ఆ సెషన్ ఖర్చు స్టూడియోనే భరించింది. కొత్త వాక్యాలు ఆడియోలోనే ఉన్నాయి, వీడియోలో లేవు: "చిన్ని తాత పక్కన వాలింది." "వెలుగు కొంచెం తగ్గింది... ఇంకొంచెం తగ్గింది."

రెండో డబ్బు డిసెంబర్ మూడో వారంలో వచ్చింది. రెండో కథ జనవరిలో మొదలుపెడుతున్నాం. ఈసారి ఫార్మాట్‌లో నేను అడిగి రెండు గడులు చేర్పించాను. శబ్దం ఎలా మొదలై ఎలా ముగుస్తుందన్నది ఒకటి, బొమ్మ కనిపించకపోతే వినేవాళ్లకు ఇక్కడ ఏం తెలుస్తుందన్నది ఇంకొకటి. కథలో ఒక ఏనుగు పిల్ల ఉంది. దాని గొంతు ఫోన్‌లో ఎలా వినిపిస్తుందో చూడటానికి, ఒక్క పేజీ రాయగానే తాత్కాలిక గొంతుతో రికార్డు చేసి పంపమని సౌండ్ ఇంజినీర్ ఇప్పటికే మెసేజ్ పెట్టాడు.